గోడౌన్ షెడ్డుకు యాంగిల్, ఛానల్, ఐ బీమ్: దేన్ని ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర రొయ్యల మేత నిల్వకి 25 అంకణాల రేకుల షెడ్డు వేస్తున్నాం. 30 అడుగుల వెడల్పు, 60 పొడవు, 16 ఎత్తు, 15 అడుగులకొక ట్రస్. నాలుగు పక్కలా రేకులే. ఒక ఫ్యాబ్రికేటర్ ట్రస్‌ల మీద రేకుల్ని మోసే పర్లిన్లకు 75 యాంగిల్ చాలు, స్తంభాలకు 200 ఐ బీమ్ పెడదాం అంటున్నాడు. ఇంకొకాయన అన్నిటికీ ఛానలే మంచిదంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:

పర్లిన్లకు 75 యాంగిల్ వద్దు, 100 ఛానల్ వేయించండి, ప్రతి రెండు ట్రస్‌ల మధ్య పర్లిన్‌నీ పర్లిన్‌నీ కలిపి పట్టే సన్న కడ్డీ, సాగ్ రాడ్ అంటారు, ఒకటి పెట్టించండి. స్తంభాలకు 200 ఐ బీమ్ పనికొస్తుంది, కానీ దాన్ని సగం ఎత్తులో పొడవు వైపు పట్టి ఉంచే ఏర్పాటు ఉంటేనే. నెల్లూరు, ఒంగోలు మధ్య షెడ్డులు నిలబెట్టే పనిలోనే ఉన్నాను కాబట్టి ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను.

ఈ సెక్షన్లన్నిటికీ ఒక బలమైన వైపు, ఒక బలహీనమైన వైపు ఉంటాయి. సెంట్రింగ్ పలకను పరిచి మీద నిలబడితే ఊగుతుంది, అదే పలకను అంచు మీద నిలబెడితే కదలదు, ఇదీ అంతే. ఐ బీమ్‌ని నిలబెట్టి పైనుంచి బరువు పెడితే ఇనుము ఎక్కువగా పైనా కిందా ఉండే అడ్డ పట్టీల్లో, అంటే ఫ్లేంజ్‌లలో ఉండి గట్టిగా పనిచేస్తుంది, పక్కనుంచి తోస్తే మాత్రం ఆ బలంలో చిన్న భాగమే మిగులుతుంది. కాబట్టి ఏ సెక్షన్ అని అడిగే ముందు బరువు ఏ వైపు నుంచి వస్తుంది, బలహీనమైన వైపు దాన్ని ఎవరు పట్టుకుంటారు అని చూడాలి.

పర్లిన్ సంగతి చూద్దాం. 75 యాంగిల్, 6 మి.మీ. మందం అయితే మీటరుకు 6.8 కేజీలు. 75 ఛానల్ కూడా మీటరుకు 7 కేజీలే. అంటే ఇనుముకి మీరిచ్చే డబ్బు దాదాపు సమానం. కానీ వంపును ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఒకటుంది, సెక్షన్ మాడ్యులస్ అంటారు, అది యాంగిల్‌కి 8.4 ఉంటే ఛానల్‌కి 20. అదే బరువులో రెట్టింపు కన్నా ఎక్కువ. యాంగిల్‌లో రెండో కాలు ఒక మూలనే ఉండిపోతుంది, ఛానల్‌లో పైనా కిందా రెండు ఫ్లేంజ్‌లు ఉంటాయి, తేడా అక్కడే. యాంగిల్‌ని పర్లిన్‌గా వాడకూడదని కాదు. ఐఎస్ 800 కోడ్ దానికి ఒక సులువైన నియమం ఇస్తుంది: వాలు 30 డిగ్రీలు దాటకపోతే, నిలువు కాలు కనీసం స్పాన్‌లో 45వ వంతు, పక్క కాలు 60వ వంతు ఉండాలి. మీ స్పాన్ 15 అడుగులు, అంటే 4.5 మీటర్లు, 45తో భాగిస్తే 100 మి.మీ. వచ్చింది. కాబట్టి 75 యాంగిల్ ఆ నియమం దగ్గరే ఆగిపోతుంది. ట్రస్‌లు 10 అడుగులకొకటి అయ్యుంటే దాని గురించి మాట్లాడుకోవచ్చు.

మరి 75 ఛానల్ చాలదా అంటారు. లెక్క వేసి చూద్దాం. పర్లిన్లు నాలుగు అడుగుల దూరంలో, వాలు 10 డిగ్రీలు అనుకోండి. రేకు బరువు, రిపేరుకి ఎక్కే మనుషుల కోసం కోడ్ చెప్పే చదరపు మీటరుకు 75 కేజీలు, పర్లిన్ సొంత బరువు, అన్నీ కలిపితే మీటరు పొడవుకి 105 కేజీలు వస్తుంది. 4.5 మీటర్ల స్పాన్ మీద దాని వంపు 266 కేజీ-మీటర్లు. దీన్ని 75 ఛానల్ మీద పెడితే చదరపు సెంటీమీటరుకు దాదాపు 1300 కేజీల ఒత్తిడి, పాత పద్ధతిలో మామూలు స్టీలుకి 1650 దాకా ఒప్పుకుంటారు కాబట్టి పాస్ అయినట్టే కనిపిస్తుంది. అసలు మోసం ఇక్కడే. కప్పు వాలుగా ఉంది కాబట్టి ఆ బరువులో కొంత భాగం పర్లిన్‌ని చూరు వైపు, అంటే దాని బలహీనమైన వైపు లాగుతుంది. లాగేది మీటరుకు 18 కేజీలే అయినా ఆ వైపు ఛానల్ బలం నాలుగో వంతు కూడా ఉండదు, అందుకే ఇంకో 980 కలుస్తుంది, మొత్తం 2200 దాటిపోతుంది. మధ్యలో ఒక్క సాగ్ రాడ్ పెడితే ఆ పక్క స్పాన్ సగమైపోయి, 980 కాస్తా 250కి దిగుతుంది. మామూలు 12 మి.మీ. రాడ్ చేసే పని అది. అయినా 75 ఛానల్ మధ్యలో 36 మి.మీ. దాకా కిందికి వంగుతుంది, మనకి 30 లోపల ఉండాలి. 100 ఛానల్ అయితే 15 మి.మీ. వంగుతుంది.

ఇంతవరకు కిందికి వచ్చే బరువే. మన దగ్గర అసలు పరీక్ష పైకి లేపే గాలి. గాలి కోడ్‌లో నెల్లూరుకి ఇచ్చిన వేగం సెకనుకు 50 మీటర్లు. అది చదరపు మీటరుకు దాదాపు 150 కేజీల ఒత్తిడి. తలుపులు మూసి ఉన్న షెడ్డులో కప్పును పైకి లాగేది ఇంచుమించు అంతే ఉంటుంది, ఒక పక్క మొత్తం తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలి కూడా తోసి ఒకటిన్నర రెట్లు అవుతుంది. మూసిన షెడ్డే అనుకున్నా, రేకు, పర్లిన్ బరువు తీసేశాక మీటరుకు 165 కేజీలు పైకి లేస్తుంది. కిందికి వచ్చే 105 కన్నా ఇదే ఎక్కువ చూడండి. ఈ లెక్కలో 75 ఛానల్ మీద ఒత్తిడి 2000 దాటుతుంది, 100 ఛానల్ మీద 1120 దగ్గర ఆగుతుంది. ఇంకో విషయం, గాలి పైకి లేపినప్పుడు నొక్కుకుపోయేది కింది ఫ్లేంజ్, పైదాన్ని రేకు స్క్రూలు పట్టుకుంటాయి గానీ కిందిదాన్ని పట్టుకునేది ఏదీ లేదు, అది పక్కకి మెలి తిరిగిపోతుంది. అందుకే సముద్రం దగ్గరి పనుల్లో నేను రాడ్ బదులు మధ్యలో చిన్న 40 యాంగిల్ ముక్కలను పర్లిన్‌కీ పర్లిన్‌కీ మధ్య కింది ఫ్లేంజ్ దగ్గరగా కట్టిస్తాను. రాడ్ లాగగలదు గానీ తోయలేదు, యాంగిల్ రెండూ చేస్తుంది. ఏది పెట్టినా కొప్పు దగ్గర అటు పర్లిన్‌నీ ఇటు పర్లిన్‌నీ కలిపి కట్టాలి, లేకపోతే ఆ వరుస అంతా దేన్నీ పట్టుకోకుండా వేలాడుతున్నట్టే.

ఛానల్ నోరు ఎటు ఉండాలో కూడా చెప్పి చేయించుకోండి. నోరు కొప్పు వైపు, వీపు చూరు వైపు. ఛానల్ మెలి తిరగకుండా ఉండే బిందువు దాని లోపల ఉండదు, వీపు వెనక బయట ఉంటుంది. నోరు పైకి పెడితే వాలు మీద బరువు గీత ఆ బిందువు దగ్గరికి వస్తుంది, కిందికి పెడితే దూరమైపోతుంది. కోట వైపు ఒక షెడ్డులో రాడ్లు లేకుండా, నోళ్లన్నీ చూరు వైపు పెట్టి వేసిన పర్లిన్లు చూశాను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను పోయాక రేకులు మార్చడానికి పిలిచారు. చూరు కింద నిలబడి పర్లిన్ పొడవునా ఒక కన్ను మూసి చూస్తే మధ్యలో అన్నీ కిందికి ఒరిగిపోయి ఉన్నాయి, స్క్రూ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయాయి. రంధ్రం సాగితే వాన ముందు అక్కడే దిగుతుంది, మేత బస్తాలున్న చోట అది చిన్న నష్టం కాదు. పాత షెడ్డు కొనేటప్పుడు కూడా ఈ రెండూ చూడండి.

స్తంభాల దగ్గరికి వద్దాం. మీకు పక్క రేకులు ఉన్నాయి కాబట్టి గాలి షెడ్డును వెడల్పు దిశలో తోస్తుంది, స్తంభం వంగాలి, ఆ వైపు 200 ఐ బీమ్ మంచిదే. అందుకని రెండు ఫ్లేంజ్‌లను కలిపే మధ్య పలక, అంటే వెబ్, ట్రస్ దిశలో ఉండేట్టు నిలబెట్టాలి, తిప్పి నిలబెడితే ఇనుమంతా వృథా. కానీ దాని బలహీన వైపు షెడ్డు పొడవు దిశలో ఉంటుంది. నొక్కుడుకి పక్కకి వంగిపోకుండా ఎంత నిలుస్తుందో చెప్పే కొలత, రేడియస్ ఆఫ్ జైరేషన్ అంటారు, ఆ వైపు 2.15 సెం.మీ. మాత్రమే. 5 మీటర్ల స్తంభానికి 500ని 2.15తో భాగిస్తే 232 వస్తుంది, బరువు మోసే స్తంభానికి కోడ్ 180 దాటనివ్వదు. సగం ఎత్తులో పొడవునా ఒక ఛానల్ కట్టి, ఒక చివర రెండు స్తంభాల మధ్య యాంగిల్‌తో ఇంటూ ఆకారంలో బ్రేసింగ్ పెడితే స్తంభం ఆ దిశలో రెండున్నర మీటర్లదే అవుతుంది, అంకె 116కి దిగుతుంది. ఆ బ్రేసింగ్ లేకుండా మధ్య ఛానల్ ఒక్కటే కడితే అన్ని స్తంభాలూ కలిసి ఒకేవైపు వాలతాయి. తలుపుల వల్ల బ్రేసింగ్ కుదరకపోతే ఫ్లేంజ్ వెడల్పుగా ఉండే హెచ్ సెక్షన్, ఐఎస్‌హెచ్‌బి 200, చూడాలి, మీటరుకు 37 కేజీలు కాబట్టి ఖర్చు పెరుగుతుంది. యాంగిల్ అసలు చోటు ఈ బ్రేసింగూ ట్రస్ లోపలి కడ్డీలూనే, అక్కడ లాగుడూ తోపుడే గానీ వంపు ఉండదు.

రెండు 100 ఛానళ్లు నోటికి నోరు పెట్టి పెట్టెలా వెల్డ్ చేసే స్తంభం మన దగ్గర బాగా వాడతారు. మీటరుకు 19 కేజీలే, రెండు వైపులా దాదాపు సమాన బలం, నొక్కుడుకి చాలా మంచిది. గోడలు లేని షెడ్డుకి నేనే చెప్పేవాణ్ణి. మీకు గోడ రేకులున్నాయి కాబట్టి గాలి వంపుకి అది చాలదు. రెండో ఆయన "అన్నిటికీ ఛానలే" అన్నది ఇక్కడ తప్పుతుంది. లోపల అటక లాంటిది వేస్తే దాని బీమ్‌కి కూడా ఐ బీమే, బరువు సరిగ్గా వెబ్ మీద పడుతుంది, మెలి తిరగదు. అంచున, మెట్ల పక్కన ఛానల్ పరవాలేదు. స్తంభాల సైజు, బేస్ ప్లేట్, బోల్టుల విషయం మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గర కాగితం మీద తీసుకోండి, ఫుటింగ్, నేల రకం కూడా అందులో కలుస్తాయి.

ఖర్చు సంగతికొస్తే, పర్లిన్లు పది వరుసలు అనుకుంటే 75 యాంగిల్ నుంచి 100 ఛానల్‌కి మారడం వల్ల పెరిగేది దాదాపు అర టన్ను స్టీలు. దుకాణంలో "100 ఛానల్" అని ఇచ్చినా పలచగా లాగిన లైట్ సెక్షన్ కావచ్చు. ఐఎస్ఎంసి 100 ఆరు మీటర్ల ముక్క 57 కేజీల దగ్గర తూగాలి, ఐదారు ముక్కలు కలిపి కాటా వేయించండి, ముక్కకి 50 కేజీలే పడితే దించుకోకండి. 100 ఛానల్‌కి పైన వేసిన లెక్క మొత్తం ఆ 57 కేజీల ముక్కది.