మర్యాదగా మారిస్తే సరిపోతుందా?

"సార్, హనుమకొండలో ఒక ల్యాబ్ బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తున్న. పొద్దటి షిఫ్ట్ మేడమ్ గురించి కోపంలో ఫ్రెండ్‌కు ఇట్ల మెసేజ్ పెట్టిన: 'ఆమె రోజూ గిట్లనే ముందుగాల జారుకుంటది, ఎవల్నో కలవనీకి పోతది. ఇయ్యాల గల్లాల 600 తక్కువ. ఇంకెవరు తీస్తరు, ఆమెనే!' ఇప్పుడు మేనేజర్ సార్ జరిగింది రాసిమ్మంటున్నరు. దీన్నే మర్యాదగా మార్చి ఇస్తే సరిపోతదా? ఆ రోజు సంగతులన్నీ విడిగా రాసి పంపుతున్న."

సరిపోదమ్మా. 'జారుకుంటది' తీసేసి 'వెళ్లిపోతున్నారు' అని పెట్టినా నింద అట్లనే ఉంటుంది. మెసేజ్‌ను పక్కన పెట్టి, ఒక్కో మాట దగ్గర 'ఇది నేను చూశానా, ఎవరైనా చెప్పారా, నేను అనుకున్నానా' అని అడుగుతూ పోండి.

'రోజూ' అన్నారు. మీ దగ్గర తేదీ ఉన్నది ఒక్క రోజుకే, కాబట్టి ఆ ఒక్క రోజే రాయండి. 'ఎవల్నో కలవనీకి' అన్నది ఊహ. పైగా గల్లా లెక్కతో దానికి సంబంధమే లేదు. మొత్తం కొట్టేయండి. అసలు చిక్కు 'ఆమెనే' దగ్గర ఉంది. మీరు పంపిన వివరాల్లోనే తాళంచెవి రిసెప్షన్ టేబుల్ మీద ఉందని, మీరొక్కరే లెక్కపెట్టారని రాశారు. మెసేజ్‌లో ఆ రెండూ లేవు. కోపంలో రాసినప్పుడు మనకు అడ్డొచ్చేవే ముందు జారిపోతాయి.

నేనైతే ఇట్లా రాస్తాను:

"18వ తేదీ మధ్యాహ్నం 1.55కి డ్యూటీకి వచ్చాను. ఉదయం షిఫ్ట్ మేడమ్ కౌంటర్‌లో కనిపించలేదు. 1.40 ప్రాంతంలో వెళ్లారని సెక్యూరిటీ అన్న చెప్పారు, నేను చూడలేదు. గల్లా తాళంచెవి రిసెప్షన్ టేబుల్ మీద ఉంది. 2.20కి నేనొక్కదాన్నే లెక్కపెట్టాను. సిస్టమ్‌లో నగదు 14,350, గల్లాలో 13,750. తేడా 600 రూపాయలు. హ్యాండోవర్ రిజిస్టర్‌లో మా ఇద్దరి సంతకాలు లేవు. 2.30కి మీకు ఫోన్ చేశాను."

'మేడమ్' అన్న చోట ఆమె పేరు, హోదా పెట్టండి. రాశాక 'ఎప్పటిలాగే', 'కావాలనే', 'చెప్పాపెట్టకుండా' లాంటివి ఎక్కడైనా దూరాయేమో చూడండి. వాక్యం చల్లగానే కనిపిస్తుంది, విషమంతా ఆ ఒక్క మాటలో ఉంటుంది. ఈ కాగితం ఆమె చేతికే ఇస్తే, ఏ వాక్యం దగ్గర 'అబద్ధం' అంటారో ఊహించుకోండి. ఆ వాక్యానికి రిజిస్టరో, బిల్లింగ్ రిపోర్టో, చూసిన మనిషో లేకపోతే తీసేయాల్సిందే.

'ఎవరు తీసుంటారు?' అని మేనేజర్ అడిగితే 'నాకు తెలియదు సార్' అనండి. కెమెరా ఉంటే 1.40 నుంచి 2.20 వరకు చూడమని అడగొచ్చు. అందులో మీరూ కనిపిస్తారు, దానికి టెన్షన్ పడకండి. కాగితం మేనేజర్‌కు మాత్రమే ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. పాత మెసేజ్ ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దని మీ ఫ్రెండ్‌కు ఈ రోజే చెప్పండి.