పాత మెయిల్ అలా వదిలేసి పోవద్దు, పాపా

పాపా,

కువైట్ ఆస్పత్రిలో నీకు ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల ఒంటరిగా విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అది సంతోషమో భయమో నాకే తెలియలేదు. కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది. "అక్కడికి పోయినాక కొత్త సిమ్, కొత్త మెయిల్ పెట్టుకుంటుందంట, పాతవన్నీ వదిలేస్తుందంట" అని. ఆ మాటకే ఈ ఉత్తరం రాస్తున్నా.

పాస్‌పోర్టు, వీసా కాపీలు రెండు సెట్లు తీసుకో. పచ్చళ్లు చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టు. అవి నీకు తెలిసినవే. నీకు తెలియనిది నా నెట్ సెంటర్ కథ.

ఏడురోడ్ల దగ్గర నాకు నెట్ సెంటర్ ఉండేదని తెలుసు కదా. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. గల్ఫ్ పోయేవాళ్లు రాయచోటి నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి మెయిల్ ఐడీ చేయించుకునేవాళ్లు. ఐడీకి పది రూపాయలు. పాస్‌వర్డ్ మర్చిపోతే లింకు ఏ మెయిల్‌కి పంపాలని కంప్యూటర్ అడుగుతుంది. వాళ్లకు రెండో మెయిల్ ఎక్కడిది? అందరికీ నా ఐడీనే కొట్టేసేవాణ్ణి. పెద్ద సాయం చేస్తున్నా అనుకున్నా. వాళ్ల పేర్లు, ఐడీలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నా.

సెంటర్ మూసేశాక నేను జీమెయిల్‌కి మారిపోయా. పాత ఐడీని మళ్లీ తెరవలేదు. తెరవకుంటే అది అక్కడే తాళం వేసిన ఇల్లులా ఉంటుందనుకున్నా. ఉండదు. ఏళ్ల తరబడి లాగిన్ లేకుంటే కొన్ని కంపెనీలు ఖాతా తీసేసి, ఆ పేరును అడిగిన వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. యాహూ అయితే 2013లో బహిరంగంగానే చెప్పింది, ఏడాదికి పైగా వాడని ఐడీలను మళ్లీ పంచుతామని, కావాలనుకునేవాళ్లు జూలై 15 లోపల ఒకసారి లాగిన్ కావాలని. నాది వేరే కంపెనీ, పేరు ఎందుకులే. వాళ్లు ముందుగా చెప్పే ఉంటారు, ఆ పాత పెట్టెకే. దాన్ని నేను తెరిస్తే కదా!

ఒకరోజు కువైట్ నుంచి ఒక డ్రైవర్ ఫోన్ చేశాడు, నా దగ్గర ఐడీ చేయించుకున్నవాడే. పాస్‌వర్డ్ మర్చిపోయాడు, వీసా కాగితాలు అందులోనే ఉన్నాయి, లింకు నీకే వచ్చింటాది చూడన్నా అన్నాడు. నా పాత ఐడీ తెరవబోతే పాస్‌వర్డ్ తప్పంది. నా జీమెయిల్ నుంచి దానికే ఒక మెయిల్ పంపి చూశా. అలాంటి ఐడీ లేదని రిటర్న్ వచ్చింది. నెల తర్వాత మళ్లీ పంపితే రిటర్న్ రాలేదు. "హమ్మయ్య, ఖాతా మళ్లీ బతికింది" అని మీ అత్తకు కాఫీ పెట్టమని కూడా చెప్పా. తెలివితక్కువతనం, పాపా. రిటర్న్ వచ్చే మెయిల్ ఉన్నట్టుండి రావడం మానేస్తే, ఆ పేరులో ఇంకెవరో కూర్చున్నారనే ముందు అనుమానించాలి.

రెండు రోజులకు జవాబు వచ్చింది. "ఇది ఇప్పుడు నా ఐడీ. మీ మెయిల్స్ నాకు వస్తున్నాయి, దయచేసి ఆపించండి" అని ఇంగ్లీషులో. నా పాత ఉత్తరాలేవీ ఆయనకు చిక్కలేదు, ఆ పెట్టె ఖాళీ చేసే ఇస్తారు. కానీ కొత్తగా వచ్చే ప్రతిదీ ఆయనకే పోతుంది, డ్రైవర్ పాస్‌వర్డ్ లింకుతో సహా. ఆ లింకు నొక్కితే చాలు, ఆ పిల్లోడి వీసా కాపీ, ఇంటి ఫొటోలు అన్నీ ముందుంటాయి.

నా అదృష్టం, మర్యాదస్తుడు. బతిమాలితే లింకు పంపాడు, కానీ అప్పటికి దాని గడువు అయిపోయింది. చివరికి శుక్రవారం, అక్కడ సెలవు కదా, ముగ్గురం టైం మాట్లాడుకున్నాం. డ్రైవర్ అక్కడ 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కాడు, ఆయన వెంటనే నాకు పంపాడు, నేను డ్రైవర్‌కి పంపా. ఖాతా తెరుచుకుంది. ముందు నా ఐడీ తీయించి, వాళ్ల తమ్ముడిది పెట్టించా. తర్వాత నోటుబుక్కు ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశా. ఇద్దరు ఇప్పటికీ దొరకలేదు. దొంగ చేతిలో పడి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అర్ధరాత్రి గుర్తొస్తుంది.

నీది జీమెయిల్ కాబట్టి పేరు భయం లేదు. తీసేసిన జీమెయిల్ పేరును గూగుల్ ఇంకెవరికీ ఇవ్వదు. అయితే నీకు కూడా ఇవ్వదు. రెండేళ్లు ఏ వాడకమూ లేకుంటే ఖాతాను, అందులోని మెయిల్స్, డ్రైవ్, ఫొటోలతో సహా తీసేయొచ్చని 2023లో నియమం పెట్టింది. నీ కాంట్రాక్టు సరిగ్గా రెండేళ్లు! నీ మార్కుల లిస్టులన్నీ ఆ డ్రైవ్‌లోనే ఉన్నాయని నువ్వే అన్నావు. అక్కడి ఫోన్‌లో ఆ ఖాతా కూడా పెట్టుకుని, నెలకోసారి ఒక మెయిల్ తెరిచి చూడు, చాలు. కాలేజీ వాళ్లిచ్చిన మెయిల్‌కి మాత్రం ఈ లెక్క వర్తించదు, అది ఎన్నాళ్లుండాలో కాలేజీ ఇష్టం. అందులో ఉన్నవి ఇప్పుడే దించుకో.

నాకు అసలు భయం నీ సిమ్ మీద. మెయిల్‌కి రెండేళ్లుంది, దీనికి అంత లేదు. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకుండా పడి ఉంటే కట్ చేయొచ్చు. బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే అది తీసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు. కట్ అయ్యాక కనీసం 90 రోజులు ఆగి, ఆ నంబరు ఇంకొకరికి ఇస్తారు. నువ్వు జనవరిలో పోయి సిమ్ మర్చిపోయావనుకో, మళ్లీ వానాకాలం వచ్చేసరికి నీ బ్యాంకు ఓటీపీలు ఎవరో తెలియని మనిషి ఫోన్‌లో మోగొచ్చు. వాళ్లు ఆ నంబరుతో వాట్సాప్ పెట్టుకుంటే నీది లాగౌట్ అయిపోతుంది. ఆ సిమ్‌ను అమ్మ ఫోన్‌లో రెండో స్లాట్‌లో వేసి పో. రీఛార్జ్ సంగతి నేను చూసుకుంటా, డబ్బులు పంపొద్దు. ఓటీపీ వస్తే అమ్మ నీకు తప్ప ఎవరికీ చెప్పకూడదని నువ్వే గట్టిగా చెప్పు, నేను చెబితే వినదు.

జీమెయిల్ రికవరీకి నా ఐడీ పెట్టావా, ఊరుకోను. అరవై దాటినవాణ్ణి, నేనెన్నాళ్లు లాగిన్ అవుతానో! రోజూ మెయిల్ చూసే మీ అన్నది పెట్టు. అక్కడి నంబరు రాగానే రికవరీ ఫోన్‌గా అది కూడా చేర్చు. టూ-స్టెప్ వెరిఫికేషన్‌లో, ఫోన్ చేతిలో లేనప్పుడు కూడా లాగిన్ అయ్యేందుకు, బ్యాకప్ కోడ్లు పది ఇస్తారు, ఒక్కోటి ఎనిమిది అంకెలు. అవి కాగితం మీద రాసి పాస్‌పోర్టు కవర్లో పెట్టుకో, ఫోన్‌లో కాదు.

ఆదివారం పొద్దున్నే ఫోన్, సిమ్ తీసుకుని ఇంటికి రా. ఇవన్నీ పక్కన కూర్చుని చేద్దాం. మీ అత్త ఉగ్గాని, బజ్జీ చేస్తానంది. నోటుబుక్కు కూడా బయటికి తీసి పెట్టా. దొరకని ఆ ఇద్దరిలో ఒకాయన కువైట్‌లోనే ఉన్నాడని విన్నా. పేరు రాసిస్తా, ఎక్కడైనా కనబడితే చెప్పు.

మీ మామ