నిమ్మకాయ ఘటంలో కరెంటు ఎక్కడిది?

ప్రశ్న: నిమ్మకాయలో జింకు, రాగి ముక్కలు గుచ్చితే కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

జింకు కరగడం వల్ల వస్తుంది. జింకు రాగి కంటే తేలికగా ఎలక్ట్రాన్లను వదులుతుంది కాబట్టి, ఆనోడైన జింకులోని పరమాణువులు అయాన్లుగా మారి రసంలోకి దిగుతాయి. అవి విడిచిన ఎలక్ట్రాన్లు రసం గుండా పోలేవు గనుక, బయటి తీగ వెంట కాథోడైన రాగిని చేరుకుంటాయి, అక్కడ రసంలోని హైడ్రోజన్ అయాన్లు వాటిని తీసుకుని సన్నని బుడగలుగా మారతాయి. రసం ఎలక్ట్రోలైట్, దానిలో అయాన్లు కదులుతూ ఏ వైపునా ఆవేశం పేరుకోకుండా చూస్తాయి.

నకిరేకల్ నిమ్మకాయలో జింకు పూత మేకును, రాగి తీగను ఒకదానికొకటి తగలకుండా గుచ్చితే మల్టీమీటరు దాదాపు 0.9 వోల్టులు చూపుతుంది, అయినా వచ్చే కరెంటు మరీ తక్కువ కనుక టార్చి బల్బు వెలగదు.

కరెంటు కాయలోనే ఉందని చాలామంది అనుకుంటారు, కానీ రెండు చోట్లా రాగినే గుచ్చితే మీటరు దాదాపు సున్నా చూపుతుంది.