కుషన్ బ్రష్షును నానబెట్టవద్దు

చి.సౌ. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోనులో నువ్వు పంపిన బ్రష్షు ఫొటోను పెద్దది చేసి చూశాను. పిన్నుల మొదళ్ల చుట్టూ బూడిదరంగు పొర మందంగా పేరుకుపోయింది. దాని మీద జుట్టు చాపలా అల్లుకుంది. అంచున రెండు పిన్నులు లోపలికి దిగిపోయాయి. వేడినీళ్లలో బట్టల పొడి వేసి రాత్రంతా నానబెట్టనా అని అడిగావు. ఆ పని మాత్రం చేయవద్దు. బ్రాడీపేటలో పార్లరు నడిపినన్నాళ్లూ నేను చూసినంతలో, వాడకం వల్ల పాడైన కుషన్ బ్రష్షుల కంటే నానబెట్టడం వల్ల పాడైనవే ఎక్కువ.

ఎందుకో చూడు. పిన్నులు గుచ్చిన రబ్బరు మెత్త మీద, సాధారణంగా ఒక అంచున, సూది దూరేంత రంధ్రం ఉంటుంది. మెత్త కింద బోలుగా ఉంటుంది. దువ్వేటప్పుడు మెత్త అణిగితే లోపలి గాలి ఆ రంధ్రంలోంచి బయటికి పోయి, వదలగానే తిరిగి వస్తుంది. బ్రష్షును నీళ్లలో ముంచితే గాలి పోయే దారినే నీళ్లు లోపలికి చేరతాయి. అవి తొందరగా ఆరవు. చెక్క పిడి అయితే నాని ఉబ్బుతుంది, మెత్తను పట్టి ఉంచిన జిగురు వదులవుతుంది, కొన్నాళ్లకు ముక్కిన వాసన మొదలవుతుంది. ఇక పిన్నులు నిలబడవు.

కాబట్టి ముందు పొడిగా ఉండగానే జుట్టంతా తీసేయాలి. తడి తగిలితే జుట్టు, నూనె, నూగు కలిసి జిగట ముద్ద అవుతుంది, దాన్ని తీయడం చాలా కష్టం. ఆ పొరను రోడ్డు దుమ్ము అనుకుంటున్నావేమో. అందులో తువాలు నూగు, దిండు దూది, మాడు మీద రాలిన పొట్టు కూడా ఉంటాయి, నూనె వాటన్నిటినీ అతికిస్తుంది. తోక దువ్వెన చివర గానీ క్రోషియా సూది గానీ తీసుకుని, అంచు వరుస నుంచి జుట్టు కిందకి దూర్చి మెల్లగా పైకి లేపు. అది పిన్నుల కొసల దాకా లేచాక వేళ్లతో తీసెయ్యి. నీ బ్రష్షులో జుట్టు బాగా అల్లుకుంది కనుక మొత్తం ఒక్కసారిగా పీకితే పిన్నులు కూడా ఊడి వస్తాయి. చిన్న కత్తెరతో వరుసకూ వరుసకూ మధ్య జుట్టును కత్తిరించు, ముక్కలు ముక్కలుగా సులువుగా వస్తుంది. కత్తెర మొన మెత్తకు తగలకుండా పడుకోబెట్టి పట్టుకో. రబ్బరుకు గాటు పడితే అది రోజురోజుకూ సాగుతుంది.

జుట్టు పోయాక మిగిలే బూడిదరంగు పొరను పొడి టూత్ బ్రష్షుతో వరుసల వెంట రుద్ది, బ్రష్షును బోర్లించి తట్టు. సగానికి పైగా ఇక్కడే రాలిపోతుంది. ఓపిక ఇక్కడ పెట్టావంటే తర్వాత నీటితో పెద్దగా పని ఉండదు.

ఇప్పుడు చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, అందులో చెంచాడు షాంపూ కలుపు. నీళ్లు చల్లగా ఉండకూడదు, ఎందుకంటే కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. పుష్యమాసపు పొద్దుట సీసాలో నూనె ఎలా ఉంటుందో తెలుసు కదా, పిన్నుల మీద నూనె కూడా అంతే. మరిగే నీళ్లూ వద్దు, అవి మెత్తనూ జిగురునూ పాడుచేస్తాయి. కుంకుడు రసమైనా బాగానే పనిచేస్తుంది, కాకపోతే పల్చటి గుడ్డలో వడకట్టు, లేకపోతే పిప్పి పిన్నుల మధ్య ఇరుక్కుంటుంది.

బ్రష్షు ముఖం కిందికి ఉండేలా పట్టుకుని, రంధ్రాన్ని బొటనవేలితో మూసి, నురుగులో ముంచిన టూత్ బ్రష్షుతో పిన్నుల మొదళ్లు రుద్దు. ముఖం కిందికి ఉంటే నీళ్లు మెత్త మీద నిలవకుండా కారిపోతాయి. తర్వాత తడిపి పిండిన గుడ్డతో నాలుగైదు సార్లు తుడిస్తే షాంపూ పోతుంది. కుళాయి కింద పెట్టవలసిన పనే లేదు. మెత్తను వేలితో నొక్కి చూడు, రంధ్రంలోంచి బుడగలు గానీ నీటి చుక్కలు గానీ వస్తే లోపలికి నీరు చేరినట్టే. రంధ్రం కిందికి పెట్టి నొక్కుతూ, వదులుతూ విదిలించు.

ఆరబెట్టడానికి పొడి తువాలు మీద ముఖం కిందికి బోర్లించి, నీడలో ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచు. మీ సత్యనారాయణపురం మేడ మీద వైశాఖపు ఎండ ఉంది కదా, గంటలో ఆరిపోతుంది అనుకుంటావేమో. ఆ ఎండకు రబ్బరు గట్టిపడి బీటలు వారుతుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు వేడి గాలి కూడా వద్దు.

దిగిపోయిన రెండు పిన్నుల సంగతి. బ్రష్షు పూర్తిగా ఆరాక కనుబొమల ప్లక్కరుతో కొస పట్టుకుని నిటారుగా, మెల్లగా లాగు. నిలబడితే సరే. మళ్లీ దిగిపోతే అక్కడ మెత్త సడలిందని అర్థం, వాటిని అలాగే వదిలెయ్యి. కొసన ఉండే చిన్న గుండు రాలిపోయిన పిన్ను మాత్రం మాడును గీస్తుంది. అలాంటివి ఒకటి రెండైతే మొదలుకంటా కత్తిరించు, ఎక్కువైతే బ్రష్షు మార్చు. మెత్త వేలికి జిగటగా అంటుకుంటున్నా మార్చవలసిందే, కడిగితే ఆ జిగట పోదు.

ఆ జిగట ఎక్కువగా నూనె వల్ల వస్తుంది. సహజ రబ్బరుకు నూనె పడదు. రోజూ తగులుతూ ఉంటే ఉబ్బి, మెత్తబడి, పిన్నుల మీద పట్టు వదిలేస్తుంది. అందుకే నూనె రాసుకున్న తలను ఈ బ్రష్షుతో దువ్వవద్దు. దానికి వెడల్పు పళ్ల ప్లాస్టిక్ దువ్వెన ఒకటి విడిగా పెట్టుకో. బీసెంట్ రోడ్డులో తక్కువ ధరకే దొరుకుతుంది. కుషన్ బ్రష్షు తలంటుకుని ఆరిన జుట్టుకు మాత్రమే. ఈ ఒక్క మార్పు చేస్తే కడిగే పని నెలకోసారికి తగ్గుతుంది, జుట్టు తీయడం మాత్రం వారానికోసారి ఉండాలి.

ఆ ప్లాస్టిక్ దువ్వెనను నిక్షేపంగా నానబెట్టుకోవచ్చు. చెంబెడు వెచ్చని నీళ్లలో చెంచాడు షాంపూ, చెంచాడు వంటసోడా కలిపి ఇరవై నిమిషాలు ఉంచి, పళ్ల సందుల్లో టూత్ బ్రష్షు నడిపిస్తే చాలు. బోరు నీళ్లతో కడిగితే తెల్లటి మరక మిగులుతుంది, నిమ్మచెక్కతో రుద్ది కడిగెయ్యి. చెక్క దువ్వెనకు సోడా గానీ నానబెట్టడం గానీ పనికిరాదు. దాన్ని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడమే. మీ వీధిలో ఎవరైనా కిరసనాయిలుతో జిడ్డు వదులుతుందని చెబితే బ్రష్షు విషయంలో వినవద్దు, అది రబ్బరును నూనె కంటే తొందరగా ఉబ్బిస్తుంది.

నువ్వు చెప్పిన అమ్మమ్మగారి చెక్క పిడి బ్రష్షులో ఉన్నవి పంది వెంట్రుకలు. వేడినీళ్లకు అవి మెత్తబడి వంగిపోతాయి. నువ్వు చేయి పెట్టకుండా, వచ్చే ఆదివారం మీ నాన్న గుంటూరు వచ్చేటప్పుడు గుడ్డలో చుట్టి ఇచ్చి పంపు, నేను చేసి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ