ఒట్టు వేయించుకోకు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. అశోక్‌నగర్‌లో నీ స్నేహితురాలి గదికి నువ్వు మకాం మార్చావనీ, ఆఫీసుకు అక్కణ్ణుంచే వెళ్తున్నావనీ, తనని నువ్వొక్కదానివే చూసుకుంటాననీ అన్నావట. ముందు గర్వంగా అనిపించింది. మన ఇంట్లో ఎదుటివాళ్ళ మొహం చూసి ఆగే బుద్ధి నీకే వచ్చింది. ఆ తర్వాత మీ అమ్మ, “దాని దిగులు సంగతి ఎవరికీ చెప్పనని దానికి మాటిచ్చిందట అక్కా” అంది. ఇక నాకు నిద్ర పట్టలేదు. ఆ మాట నువ్వు ఇవ్వకుండా ఉండాల్సింది. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసిన పెద్దమ్మ తిడుతోందనుకో, తప్పులేదు.

గ్రూప్స్ మూడోసారీ పోయాక పుస్తకాలన్నీ పక్క గది అమ్మాయికి ఇచ్చేసిందని నువ్వు పట్టుకున్నావు. “నేను లేకపోతే మా నాన్నకి నా ఖర్చైనా మిగులుతుంది” అన్న మాట కూడా పట్టుకున్నావు. రెండూ గట్టి గుర్తులే. పరీక్షలు మానేసినవాళ్ళు పుస్తకాలు అమ్ముకుంటారు. ఇది పుస్తకాలతోపాటు వాచీ కూడా ఇచ్చేసింది. తనవల్ల ఇంటివాళ్ళకి బరువని లెక్కలు కట్టుకుంటోంది. ఇవి వట్టి దిగులు మాటలు కావు.

మూడోది మాత్రం నువ్వు శుభవార్తలా చెప్పావట: “సోమవారం నుంచి తేలికపడింది అమ్మా, నవ్వుతోంది, తలదువ్వుకుంది” అని. నాకు అన్నిటికన్నా భయం వేసింది అక్కడే. అన్నాళ్ళు కుమిలిపోయిన మనిషి ఏ కారణమూ లేకుండా ఒక్కసారిగా నెమ్మదించిందంటే, నిజంగా బాగైనా అయుండొచ్చు, లోపల ఏదో నిర్ణయించుకునైనా ఉండొచ్చు. బయటనుంచి చూస్తే తేడా తెలియదు. అడిగితేనే తెలుస్తుంది.

అడగకుండా ఊరుకున్నదాన్ని నేనే. ఇంతవరకూ మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ట్రైనింగ్‌లో నా పక్క మంచం అమ్మాయి, తర్వాత నాతోపాటే ఒకే ఆసుపత్రిలో డ్యూటీ. పెళ్ళయింది, ఒక బాబు. ఒకరోజు నైట్ డ్యూటీలో, చార్టులు రాస్తూ తల ఎత్తకుండానే, “వీడిని నువ్వు పెంచుతావా?” అంది. నాకు గుండె ఝల్లుమంది. భయమేసి కోపం తెచ్చుకున్నాను. “పిచ్చి మాటలు మాట్లాడకు, నీకేం తక్కువ? నాకంటే జీతం ఎక్కువ, బంగారంలాంటి పిల్లాడు” అని ఒకటే వాయించాను. అది తలూపింది. అంతటితో వదలక దాని చెయ్యి నా తలమీద పెట్టుకుని, “నీ కొడుకు మీద ఒట్టు, ఇంకెప్పుడూ ఆ మాట అనను అను” అన్నాను. అంది. నేను నిశ్చింతగా ఇంటికెళ్ళి పడుకున్నాను. పెద్ద గండం గట్టెక్కించాననుకున్నాను చిట్టీ. ఎంత తెలివితక్కువదాన్నో చూడు. బీపీ, పల్స్ చూడ్డం తెలుసు కానీ, ఆ మనిషిని ఒక్క ప్రశ్న అడగడం తెలియలేదు.

పదకొండు రోజుల తర్వాత దాన్ని మా క్యాజువాలిటీకే తీసుకొచ్చారు. బతికింది. ఎలా ఏమిటన్నది నీకు అక్కర్లేదు. వారం తర్వాత నేను ఏడుస్తుంటే అదే నన్ను ఓదార్చి ఒక మాట చెప్పింది: “ఆ రోజు నువ్వు ఒట్టు వేయించుకున్నాక, మళ్ళీ ఆ ఆలోచన వస్తే ఎవరికి చెప్పుకోవాలే? ఉన్న ఒక్క తలుపూ నువ్వే మూసేశావు.” నేను ఒట్టుతో ఆపింది ఆలోచనని కాదు, మాటని. ఇప్పుడు దానికి మనవరాలు పుట్టింది. మొన్న ఫోటో పంపింది.

అందుకే ఒట్టు వద్దు. “అమ్మానాన్నల గురించి ఆలోచించు” అనీ అనకు, దాని తలలో ఆడేది అదే లెక్క కదా. ఈ రాత్రి అన్నం తిన్నాక, ఫోన్లు పక్కన పెట్టి, సూటిగా అడుగు: “నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?” “పిచ్చి పనులేమైనా చేస్తావా” అంటే అందరూ “ఛ లేదు” అంటారు. లేని ఆలోచన నువ్వు అడిగినందువల్ల పుట్టదు. ఉన్నవాళ్ళకి మాత్రం ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. “అవును” అంటే ఉలిక్కిపడకు, ఏడవకు, సలహా చెప్పకు. కాసేపు విను. తర్వాత ఇంకో మూడు అడుగు: ఎలాగని ఆలోచించావా, ఎప్పుడని అనుకున్నావా, ఇంతకుముందెప్పుడైనా ప్రయత్నించావా.

“అప్పుడప్పుడు అనిపిస్తుంది, అంతే” అంటే మర్నాడు ఉదయమే డాక్టరు దగ్గరికి. ఎలాగో, ఎప్పుడో తేల్చుకుని ఉంటే ఆ రాత్రే క్యాజువాలిటీకి. కదలనంటే 108కి చెయ్యి. అప్పటిదాకా ఒక్క నిమిషం ఒంటరిగా వదలకు. దేనితో అనుకుందో అది గదిలో లేకుండా చెయ్యి, బాత్రూం గడియ పెట్టుకోనివ్వకు. సిగ్గుపడుతుంది, పడనీ.

14416 నీ ఫోన్‌లో ఇప్పుడే రాసుకో. టెలి మానస్, ప్రభుత్వానిది, 2022 అక్టోబరులో మొదలైంది. ఏ వేళప్పుడైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. అది చేయనంటే నువ్వే చేసి, “మా స్నేహితురాలు ఇలా అంటోంది, నేనేం చెయ్యాలి” అని అడుగు. నీ పక్కన కూర్చోబెట్టుకుని స్పీకర్‌లో చేస్తే ఇంకా మంచిది. మొదటి రెండు నిమిషాలు నువ్వే మాట్లాడు, తర్వాత అదే అందుకుంటుంది.

ఆసుపత్రంటే ఎర్రగడ్డ గుర్తొచ్చి బెదిరిపోతుంది. గాంధీలోనూ సైకియాట్రీ ఓపీ ఉంది, జ్వరానికి వెళ్ళినట్టే చీటీ రాయించుకుని వెళ్ళొచ్చు. “నిన్ను డాక్టరుకి చూపించాలి” అనకు. “నీకు నిద్ర పట్టడం లేదు కదా, దానికి చూపించుకుందాం, నేనూ వస్తా” అను. అబద్ధం కాదు. లోపలికెళ్ళాక మాత్రం, చనిపోవాలన్న మాట డాక్టరుకు చెప్పాల్సిందే. అది చెప్పకపోతే నువ్వు చెప్పు.

మందులు రాస్తే ఇంకో జాగ్రత్త. మనసు తేలికపడటానికి రెండు వారాలు, ఒక్కోసారి ఆరు పడుతుంది. పదో రోజున “ఏం పనిచెయ్యట్లేదు” అని మానేసేవాళ్ళుంటారు. ఇంకొకటుంది, దిగులు తగ్గకముందే ఒంట్లో ఓపిక రావచ్చు. ఆ మొదటి వారాల్లోనే ఎక్కువ కనిపెట్టి ఉండాలి. బిళ్ళలు నీ దగ్గరుంచుకుని పూటకి పూట ఇవ్వు.

పోలీసు కేసవుతుందని మా రోజుల్లో ఇళ్ళల్లో దాచిపెట్టేవాళ్ళు, అలా దాచి వైద్యం ఆలస్యం చేసేవాళ్ళు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉందనే అనుకోవాలి తప్ప శిక్షించకూడదు. వాళ్ళ నాన్న ఆ భయంతో వెనకాడితే నాతో మాట్లాడించు.

వాళ్ళ నాన్నకి చెప్పాలి, తప్పదు. కానీ చాటుగా వద్దు. “నేనిచ్చిన మాట తప్పుతున్నాను, నీకు చెప్పే తప్పుతున్నాను. ఇది నేనొక్కదాన్నే మొయ్యలేను” అను. కోపగించుకుంటుంది, వారం మాట్లాడదేమో. మా స్నేహితురాలు నామీద కోపగించుకోనైనా లేదు, దానికి ఆ అవకాశమే నేనివ్వలేదు.

నువ్వూ ఆఫీసుకు రెండ్రోజులు సెలవు పెట్టు. రాత్రంతా మేలుకుని కాపలా కాస్తానని గొప్పలకు పోకు, ఆ పక్క గది అమ్మాయిని కూడా కలుపుకుని వంతులు వేసుకోండి. శనివారం బస్సుకి నేను బయల్దేరుతున్నాను. మీ అమ్మకి చెప్పాను, వద్దనకు. నాకు కింద పక్క వేస్తే చాలు.

అడిగాక నాకు “అడిగాను” అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టు, ఎంత రాత్రయినా సరే. ఫోన్ దిండు కిందే ఉంటుంది.

పెద్దమ్మ