రిఫరీ బంతి ఇచ్చే ముందు, ఇచ్చాక

ప్రశ్న: బాస్కెట్‌బాల్ ప్రాక్టీసులో పదికి ఎనిమిది ఫ్రీ త్రోలు పడతాయి. మ్యాచ్‌లో జనం అరుస్తుంటే రెండూ పోతున్నాయి. ముందే ఊహించుకోమంటారు మా కోచ్. అది నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది తమ్ముడూ. కాకపోతే ఎప్పుడు ఊహించుకోవాలో తెలియాలి.

నేను విజయవాడలో డిగ్రీ చదివేటప్పుడు గుంటూరులో ఒక మ్యాచ్ పోగొట్టాను. ఒక్క పాయింటు వెనకున్నాం, నాకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. గీత దగ్గర నిలబడగానే మోచేయి సరిగ్గా ఉందా, మణికట్టు తిరుగుతుందా అని చూసుకోవడం మొదలుపెట్టాను. వేలసార్లు వేసిన షాట్ చేతికి వచ్చు. మధ్యలో బుర్ర దూరితే చెయ్యి బిగుసుకుంటుంది. మోకాళ్లు వంచడం కూడా మర్చిపోయాను. రెండూ రింగు ముందు అంచుకు కొట్టుకుని వెనక్కి వచ్చాయి. నీవి కూడా పక్కకు పోకుండా ఇలా పొట్టిగా పడుతున్నాయేమో గమనించు.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా రూల్ ప్రకారం రిఫరీ బంతి చేతికిచ్చాక 5 సెకన్లలో వేసేయాలి. అందులో ఊహలకు చోటు లేదు. అందుకే ఆటగాళ్లు వరుసలో సర్దుకుంటున్నప్పుడే, గీతకు అడుగు వెనక నిలబడి, ఒక్క షాట్ చూసుకుంటాను. గ్యాలరీలోంచి కాదు, నా కళ్లతోనే. బంతి వేళ్లు వదలడం, పైకి లేవడం, వలలో పడ్డ చప్పుడు, అంతా అసలు వేగంలోనే. జనం అరుపులూ అందులో ఉండాలి. ఊహలో బంతి రింగుకు తగిలితే అక్కడే ఆపి మళ్లీ మొదలుపెడతాను. ఎన్‌బీఏ ఆటగాడు స్టీవ్ నాష్ అయితే బంతి రాకముందే ఉత్త చేతులతో షాట్ వేసి చూసుకునేవాడు.

బంతి వచ్చాక ఊహ బంద్. మూడు డ్రిబుల్స్, బంతి గీతలు వేళ్ల కిందికి వచ్చేలా ఒకసారి తిప్పడం, ఊపిరి వదలడం, రింగు ముందు అంచు మీద చూపు నిలపడం, షాట్. ఆ చూపే ముఖ్యం. బాగా వేసేవాళ్లు షాట్‌కు ముందు ఒకేచోట ఎక్కువసేపు చూపు నిలుపుతారని కెనడా పరిశోధకురాలు జోన్ వికర్స్ 1990లలోనే గమనించింది. మొదట్లో నేను ఆరు డ్రిబుల్స్ పెట్టుకున్నాను, ఒక మ్యాచ్‌లో రిఫరీ విజిల్ ఊది షాట్ లాగేసుకున్నాడు. అప్పటి నుంచి మూడే.

ఇదంతా వరుసగా యాభై షాట్లు వేసి నేర్చుకుంటే మ్యాచ్‌లో నిలవదు. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు పరుగెత్తు, రొప్పుతూనే రెండు ఫ్రీ త్రోలు వెయ్, మళ్లీ పరుగెత్తు. పక్కన ఫ్రెండ్ ఎవరైనా అరుస్తూ ఉంటే ఇంకా మంచిది. మన బెజవాడ ఎండలో అరచేయి చెమటకు జారుతుంది కాబట్టి నేను నిక్కరుకు చెయ్యి తుడుచుకోవడం కూడా వరుసలో కలిపేశాను.

ప్రాక్టీసులోనే పదికి నాలుగు పడేవాళ్లకు ఇది సాయపడదు, వాళ్లు ముందు షాట్ సరిచేసుకోవాలి. నీ సమస్య అది కాదు. మొదటిది పోయినా రెండోదానికి ఏదీ మార్చకు. మళ్లీ అడుగు వెనక్కి వేసి, చెయ్యి తుడుచుకుని, మొదటి నుంచి మొదలుపెట్టు.