వచన కవితలో లయ ఎక్కడుంటుంది: నాలుగు లైన్లు పట్టుకుని

"వచన కవితలో ఛందస్సే లేనప్పుడు లయ గురించి ఏం రాయాలండీ? నిరసన ఇమేజరీ మీద తెలుగు, ఇంగ్లీషు రెండింట్లో వ్యాసం రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు."

ముందు నేను చేసిన తప్పు చెప్తా. ఎంఏలో ఇలాంటి వ్యాసమే రాస్తూ శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గేయాన్ని వచన కవిత కింద వేసేశా, మా గైడ్ మేడమ్ ఎర్ర పెన్నుతో "చప్పట్లు కొట్టి చదువు" అని రాసి తిప్పి పంపారు. కొట్టి చూస్తే నాలుగేసి మాత్రలకి ఒక చప్పట్టు ఠంచనుగా పడుతోంది. అది మాత్రాఛందస్సు, అక్కడ నడక ముందే ఖాయమైపోయింది. వచన కవితలో అలా చప్పట్లు కుదరవు, ఓ రెండు లైన్లు కుదిరినట్టే కుదిరి ఆగిపోతాయి. ఆ ఆగిన చోటు గురించే మీరు రాయాల్సింది.

ఉదాహరణకి నేను ప్రాక్టీసుకి రాసుకున్న నాలుగు లైన్లు, భూమి పోయిన రైతు కొడుకు మాట్లాడుతున్నాడనుకోండి:

నాగలి చాలు కాదు ఇది
మా నాన్న వీపు
దీని మీద మీరు
రోడ్డేశారు

మూడో లైను పైకి చదవండి. దీని, మీద, మీరు... మూడూ మూడేసి మాత్రలు, మూడూ గురువు తర్వాత లఘువు, ఊయల ఊగినట్టుంటుంది, పైగా "మీ" రెండుసార్లు. చెవి నాలుగోది కూడా అలాగే వస్తుందనుకుంటుంది. వచ్చేదేమో "రోడ్డేశారు", వరసగా మూడు గురువులు, రో-డ్డే-శా. తూగు అక్కడ విరిగిపోయింది, సరిగ్గా దౌర్జన్యం జరిగిన మాట దగ్గరే విరిగింది. లయ మీద పేరాకి ఇదొక్కటి చాలు. అంతేగానీ కవిత మొత్తానికి మాత్రలు లెక్కేసి (12, 8, 9, 7 వస్తాయి) ఏదో దాక్కున్న ఛందస్సు ఉందని నిరూపించబోకండి, నేనది కూడా చేశా లెండి.

ఇప్పుడు ఇమేజరీ. "పొలాన్ని వీపుతో పోల్చాడు, అది కష్టానికి ప్రతీక" అని రాస్తే ఏ కవితకైనా అతుకుతుంది, వద్దు. భావచిత్రానికి క్రియ ఏం చేస్తోందో చూడండి. రోడ్డు వేస్తారు, సరే, కానీ మనం "వీపు మీద రెండు వేశాడు" అని కూడా అంటాం కదా, అంటే కొట్టాడని. పై లైన్లో వీపు వచ్చేసింది కాబట్టి "వేశారు" అనగానే దెబ్బ కూడా వినపడుతుంది, ఒకే క్రియలో అభివృద్ధీ ఉంది, కొట్టడమూ ఉంది. ఇక "మీరు" అంటే చాలామందా, లేక గౌరవంగా పిలుస్తున్న ఒక్క పెద్దమనిషా? తేలదు. గౌరవం తగ్గకుండానే నిలదీస్తున్నాడు, ఆ వెటకారం "నువ్వు" అంటే రాదు.

ఇంగ్లీషుకొచ్చేసరికి అసలు తలనొప్పి. నాకు సాయం చేసిన ఫ్రెండ్ తెలుగు బాగా మాట్లాడతాడు గానీ పొలం మొహం చూళ్లేదు, "చాలు" అంటే ఇనఫ్ అనుకుని "నాగలి సరిపోదు" అన్న అర్థంలో అనువదించాడు. అది దున్నిన గీత, ఫర్రో. తర్వాత నేను "యు లెయిడ్ ఎ రోడ్ ఆన్ ఇట్" అని రాశా, గ్రామర్ కరెక్టే, కవిత మాత్రం చచ్చిపోయింది, ఎందుకంటే తెలుగులో చివరిదాకా దాచిన దెబ్బ మొదటి రెండు ముక్కల్లోనే బయటపడిపోయింది. చివరికి "ఆన్ దిస్ యు లెయిడ్" ఒక లైను, "ఎ రోడ్" ఇంకో లైను చేశా. క్రియ ముందుకొచ్చింది, తప్పదు, కానీ లైను విరిగే చోటు మిగిలింది, "రోడ్" ఒక్క సిలబులే కాబట్టి దబ్బున పడుతుంది.

"మీరు" కోసం "యు సర్స్" అని పెట్టి చూశా, మేడమ్ కొట్టేశారు, వెటకారాన్ని మరీ పైకి తెచ్చావని. నిజమే. ఉత్త "యు" ఉంచి, "మీరు"కున్న రెండర్థాలు, "వేశారు"లో వినపడే దెబ్బ ఇంగ్లీషు వ్యాసంలో రెండు వాక్యాలు పెట్టి వివరించా. తెలుగు వెర్షన్లో ఆ రెండు వాక్యాలు తీసేశా, మనవాళ్లకి అర్థమవుతుంది కదా, ఆ జాగాలో మూడో లైను తూగు గురించి ఇంకాస్త రాశా. అందుకే నా రెండు వ్యాసాలూ పక్కపక్కన పెడితే పేరాలు సరిపోవు, సరిపెట్టాలని నేనూ చూళ్లేదు.